ఫీజు లేదన్న ప్రకటనలో కువైట్ డబ్బు ఎక్కడ తగ్గుతుంది?

ప్రశ్న: మాది కడప. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. నెలకు 120 దినార్లు పంపిస్తారు, ఒక్కోసారి 60 చొప్పున రెండుసార్లు. ఈమధ్య రెండు ప్రకటనలు చూశాం. ఒకదాంట్లో 'ఫీజు లేదు, దినారుకు 281.20' అని ఉంది. రెండోదాంట్లో 'ఫీజు 1.250 దినారు, రేటు 284.10' అని ఉంది. ఫీజు లేనిదే మేలు కదా? మా తమ్ముడేమో ఫీజు కాదు, రేటు చూడాలంటున్నాడు. ఎవరి మాట కరెక్టు?

జవాబు:

60 దినార్లు పంపితే మీ మాట కరెక్టు. 240 పంపితే మీ తమ్ముడి మాట కరెక్టు. సరిగ్గా 120 దగ్గర ఇద్దరిదీ ఒకటే, తేడా టీ ఖర్చంత కూడా ఉండదు. కువైట్‌లో ఎక్స్‌చేంజ్ కౌంటర్‌లో పనిచేసి కడపకు తిరిగొచ్చినవాణ్ణి కాబట్టి ఈ లెక్క కొంచెం వివరంగానే చెప్తాను. ఇది పట్టుకుంటే రేపు రేట్లు మారినా, మూడో కంపెనీ ఇంకో ప్రకటన వేసినా మీరే తేల్చుకోవచ్చు.

ముందుగా ఒక నియమం పెట్టుకోండి. పోల్చేటప్పుడు రెండుచోట్లా మీ ఆయన జేబులోంచి పోయే డబ్బు ఒకటే ఉండాలి. ఆయన దగ్గర 120 దినార్లే ఉన్నాయనుకుందాం. మొదటి కంపెనీలో ఫీజు లేదు కాబట్టి మొత్తం 120 రూపాయల్లోకి మారుతుంది. 120ని 281.20తో గుణిస్తే 33,744 రూపాయలు. రెండో కంపెనీలో ముందు 1.250 తీసేస్తారు, మిగిలిన 118.750 దినార్లే మారతాయి. దాన్ని 284.10తో గుణిస్తే 33,737 రూపాయలు. తేడా ఏడు రూపాయలు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండో కంపెనీలో 120 దినార్లు పూర్తిగా పంపి, ఫీజు విడిగా కట్టారనుకోండి. ఇంటికి 34,092 వస్తుంది. చూడగానే 'అబ్బా, 348 రూపాయలు ఎక్కువ వచ్చిందే' అనిపిస్తుంది. కానీ అక్కడ ఆయన ఇచ్చింది 121.250. ఆ అదనపు 1.250 దినారు విలువ మన లెక్కలో 355 రూపాయలు. అంటే 348 కోసం 355 పెట్టారన్నమాట. ఇక్కడి వాళ్ళు ఖాతాలో పడింది మాత్రమే చూస్తారు, అక్కడి వాళ్ళు స్లిప్పు మాత్రమే చూస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మీరు రెండు విడతల సంగతి చెప్పారు కదా, దాంట్లోనే అసలు డబ్బుంది. 60 దినార్లు పంపితే మొదటి కంపెనీలో 16,872 వస్తాయి. రెండో దాంట్లో 58.750 మాత్రమే మారి 16,691 వస్తాయి. ఒక విడతకే 181 రూపాయలు తక్కువ. నెలలో రెండుసార్లు రెండో కంపెనీలో పంపితే 362 పోయినట్టే, ఎందుకంటే ఫీజు రెండుసార్లు కట్టారు. అదే రెండు నెలలది కలిపి 240 ఒకేసారి పంపితే లెక్క తిరగబడుతుంది. మొదటి కంపెనీ 67,488 ఇస్తుంది, రెండోది 67,829. ఇప్పుడు ఫీజు ఉన్న కంపెనీయే 341 రూపాయలు ఎక్కువ.

ఎక్కడ తిరగబడుతుందో తెలుసుకోవడానికి చిన్న లెక్క ఒకటుంది. ఫీజును రూపాయల్లోకి మార్చండి, రెండు రేట్ల తేడాతో భాగించండి. ఇక్కడ ఫీజు 355 రూపాయలు, రేట్ల తేడా దినారుకు 2.90. భాగిస్తే 122 దాటి వస్తుంది. పంపేది సుమారు 122 దినార్ల కంటే తక్కువైతే ఫీజు లేని కంపెనీ, ఎక్కువైతే ఫీజు తీసుకునే కంపెనీ. మీ 120 ఆ గీత పక్కనే నిలబడింది కాబట్టి మీ ఇంట్లో ఈ వాదన తెగలేదు.

అలాగని 240 కోసం రెండు నెలలు ఆపమని చెప్పడం లేదు. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలే కదా. నెల డబ్బు రాలేదని మీరు 33,744 రూపాయలు బయట తెచ్చుకుంటే నెలకు వడ్డీయే 675 అవుతుంది. మిగిలేది 341. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, చీటీ డబ్బు ఆగిపోయేలా ఉంటే నెలనెలా పంపడమే మంచిది. రేటు పెరుగుతుందని ఆగేవాళ్ళకూ ఇదే లెక్క. దినారు మీద రూపాయి పెరిగితే 120 దినార్లకు వచ్చేది 120 రూపాయలు, అంతే. దానికోసం పది రోజులు ఫోన్‌లో రేటు చూసుకుంటూ టెన్షన్ పడేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక 'ఫీజు లేదు' అన్న మాట. అబద్ధం కాదు, కానీ ఊరికే చేస్తున్నారని కాదు. ఎక్స్‌చేంజ్‌కి డబ్బు మిగిలే దారులు రెండు. ఒకటి ఫీజు, అది స్లిప్పులో కనిపిస్తుంది. రెండోది వాళ్ళకు దినారు ఎంతకు పోతుందో, మీకు ఎంత కట్టిస్తున్నారో, ఆ రెంటి మధ్య తేడా. అది ఎక్కడా విడిగా రాసి ఉండదు. ఫోన్‌లో KWD to INR అని కొడితే వచ్చే రేటు ఉంది కదా, మన వాళ్ళు గూగుల్ రేటు అంటారు, అది బ్యాంకులు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే రేట్లకు మధ్యది. ఆ రేటు మనబోటి వాళ్ళకు కౌంటర్‌లో దొరకదు. కానీ కొలవడానికి అదే గట్టి ఆధారం. ఆరోజు అది 284.90 ఉందనుకుందాం. 120 దినార్లకు ఏమీ తగ్గకపోతే 34,188 రావాలి. ఫీజు లేని కంపెనీలో వచ్చింది 33,744. అంటే 444 రూపాయలు రేటులో పోయాయి. ఫీజు ఉన్న కంపెనీలో ఫీజు, రేటు కలిపి పోయింది 451. రెండిట్లోనూ నూటికి సుమారు రూపాయి ముప్పై పైసలు. ప్రపంచ బ్యాంకు దేశదేశాల కంపెనీల ధరలు పోల్చేటప్పుడు కూడా ఫీజుకు ఈ రేటు తేడాను కలిపే ఖర్చు లెక్కగడుతుంది. ఆ ఖర్చు 2030 నాటికి నూటికి మూడు లోపు ఉండాలన్నది ఐక్యరాజ్య సమితి పెట్టుకున్న లక్ష్యం. ఆ లెక్కన మీరు చూసిన రెండు ప్రకటనలూ చెడ్డవేం కాదు.

మీ బంధువులు ఎవరైనా దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటే వాళ్ళకు సరిచూసుకోవడం ఇంకా తేలిక. దిర్హం డాలరుకు 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర కట్టేసి ఉన్నాయి. ఆరోజు డాలరు రేటును ఆ అంకెతో భాగిస్తే అసలు రేటు వచ్చేస్తుంది. కువైట్ దినారు 2007 నుంచి ఒక్క డాలరుకే కాకుండా కొన్ని కరెన్సీల కలయికకు ముడిపడి ఉంది. కాబట్టి దానికి ఈ అడ్డదారి పనిచేయదు, గూగుల్ రేటే చూడాలి.

ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న రేటు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో చూడండి. కింద సన్నటి అక్షరాల్లో 'మొదటిసారి పంపేవారికి మాత్రమే' అనో, 'ఇంత మొత్తం దాటితే' అనో ఉంటుంది. మొదటిసారి రేటు నిజంగానే బాగుంటుంది, తప్పు లేదు. కాకపోతే రెండో నెల వచ్చే మామూలు రేటు ఎంతో అడిగి, దానితోనే లెక్క వేసుకోవాలి. నెలనెలా పంపేవాళ్ళకు మొదటి నెల లాభం పన్నెండు నెలల్లో ఒకటే కదా.

ఆ రేటు ఏ రోజుది, ఏ వేళది అన్నది కూడా చూడాలి. శుక్రవారం సెలవు కాబట్టి మన వాళ్ళు ఎక్కువమంది ఆరోజే మాలియా, ఫర్వానియా వైపు వచ్చి డబ్బు వేస్తారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం చల్లబడ్డాక కౌంటర్‌కి వచ్చేసరికి ఇక్కడ డాలరు మార్కెట్ మూసేసి ఉంటుంది. శని, ఆదివారాల్లోనూ అంతే. మార్కెట్ మూసి ఉన్నప్పుడు సోమవారం రేటు ఎటు పోతుందో కంపెనీకి తెలియదు, అందుకని జాగ్రత్తకు కొంచెం ఎక్కువ మిగుల్చుకోవడం మామూలే. వీలుంటే శుక్రవారం పొద్దున్నే వేయమనండి. యాప్ ఉంటే పని రోజుల్లో మధ్యాహ్నం లోపు వేసినా సరే. డబ్బు చేరడానికి మాత్రం ఇప్పుడు సెలవులు పెద్ద అడ్డం కాదు. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ రోజంతా, ఆదివారాలు కూడా నడుస్తోంది.

రేటు మరీ బాగుంటే ఏమిటి? గూగుల్ రేటు 284.90 ఉన్నప్పుడు ఎవరైనా 'దినారుకు 289 ఇస్తాం, వాట్సాప్‌లో చెప్పండి చాలు, మనిషొచ్చి దినార్లు తీసుకెళ్తాడు' అన్నారంటే అది హవాలా. లైసెన్సు ఉన్న కంపెనీ అసలు రేటు కంటే ఎక్కువ రోజూ ఇవ్వలేదు, ఇస్తే దానికే నష్టం. హవాలాలో దినార్లు అక్కడే ఉండిపోతాయి, ఇక్కడ వేరే ఎవరిదో రూపాయల డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ఇది విదేశీ మారకపు చట్టమైన ఫెమాను ఉల్లంఘించడమే, పట్టుబడితే ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా పడొచ్చు. దానికంటే ముందే ముంచుకొచ్చే కష్టం ఇంకోటుంది. మీ ఖాతాలో పడ్డ ఆ డబ్బు సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్నదైతే, ఆ కేసు నడిచే రాష్ట్రం పోలీసులు మీ ఖాతాను ఆపిస్తారు. ఇల్లాలికి ఆ కేసు సంగతి ఏమీ తెలియదు, ఏటీఎంలో డబ్బు రావడం ఆగిపోతుంది.

ఇది గుర్తుపట్టడం కష్టం కాదు. పాస్‌బుక్‌లోనో స్టేట్‌మెంట్‌లోనో డబ్బు పక్కన ఏం రాసి ఉందో చదవండి. సరైన దారిలో వస్తే మీ ఆయన పేరో, ఎక్స్‌చేంజ్ పేరో, ఆ ఎక్స్‌చేంజ్‌తో ఒప్పందం ఉన్న బ్యాంకు పేరో ఉంటుంది. ముక్కూ మొహం తెలియని వ్యక్తి పేరుతో, అదీ యూపీఐలో, రెండు మూడు ముక్కలుగా పడితే అనుమానించాల్సిందే. ఇంకో గుర్తు, స్లిప్పు ఇవ్వకపోవడం. కువైట్‌లో లైసెన్సు ఉన్న ఎక్స్‌చేంజ్ కంపెనీలు అక్కడి సెంట్రల్ బ్యాంకు నిఘాలో ఉంటాయి, సివిల్ ఐడీ చూడకుండా డబ్బు తీసుకోవు.

ఇప్పుడు కడప వైపుకొద్దాం, ఎందుకంటే కొంత డబ్బు ఇక్కడ కూడా తగ్గొచ్చు. గల్ఫ్ ఎక్స్‌చేంజ్‌లు ఎక్కువగా రిజర్వు బ్యాంకు అనుమతించిన ఏర్పాటు కింద మన బ్యాంకుల్లో ముందే రూపాయలు పెట్టుకుని ఉంటాయి. అక్కడ స్లిప్పు కొట్టగానే ఇక్కడి రూపాయలు మీ ఖాతాకు వస్తాయి. దినారు రూపాయి అయ్యే పని కువైట్‌లోనే అయిపోయింది కాబట్టి స్లిప్పులో రాసిన రూపాయలే పైసాతో సహా ఇక్కడ పడాలి. అదే ఆయన అక్కడి బ్యాంకు నుంచి విదేశీ కరెన్సీలోనే పంపితే, మధ్యలో ఉన్న బ్యాంకు తన చార్జీ తీసుకోవచ్చు. మీ బ్యాంకు తన రేటుకు రూపాయల్లోకి మారుస్తుంది, మార్చినందుకు జీఎస్టీ కూడా పడుతుంది. ఆ జీఎస్టీ పెద్దదేం కాదు. లక్ష లోపు అయితే మొత్తంలో నూటికి 18 పైసలు, కనీసం 45 రూపాయలు. మీ 33,744కు 61 రూపాయలవుతుంది. అసలు దెబ్బ మధ్య బ్యాంకు చార్జీ. నెలకు 120 దినార్లు పంపే ఇంటికి ఆ దారి గిట్టుబాటు కాదు.

ఖాతాకు కాకుండా చేతికే డబ్బు తీసుకునే సర్వీసులైతే హద్దులు వేరు. ఒకసారికి 2,500 డాలర్ల విలువ దాటకూడదు, ఒక మనిషి ఏడాదిలో 30 సార్ల కంటే ఎక్కువ తీసుకోకూడదు, నగదుగా 50,000 రూపాయల దాకానే ఇస్తారు. మీ మొత్తం వీటిలో ఇముడుతుంది కానీ, ఖాతా ఉన్నప్పుడు ఆ అవసరమేముంది?

ఖాతా ఎవరిది అన్నది మాత్రం చూసుకోండి. మీ పేరున ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతా చాలు, ఇంటి ఖర్చుకు భర్త పంపే డబ్బు దాంట్లోకి రావచ్చు. అత్తగారి పేరున ఎప్పుడో సరైన కాగితాలు లేకుండా, ఫోటో, సంతకంతో తెరిచిన 'చిన్న ఖాతా' అయితే చిక్కు. పూర్తి కేవైసీ ఇచ్చేదాకా దాంట్లో విదేశాల నుంచి వచ్చే డబ్బు వేయకూడదు. పైగా నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. రెండు నెలలు బాగా నడిచి మూడో నెల డబ్బు వెనక్కి పోయిందంటే కారణం ఈ లక్ష పరిమితే కావచ్చు. నెలకు 33,744 చొప్పున మూడు నెలలకే లక్ష దాటిపోతుంది కదా. ఆధార్, పాన్ పట్టుకుని బ్రాంచికి వెళ్ళి పూర్తి ఖాతాగా మార్పించుకుంటే అయిపోతుంది.

ఇంకొకటి మన జిల్లాకు ప్రత్యేకం. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంతకుముందు 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. మీ ఆయన ఫోన్‌లో పాత బ్యాంకు పేరు, పాత ఐఎఫ్ఎస్‌సి కోడు దాచుకుని ఉంటే దాంతోనే పంపేస్తుంటారు. పాత పాస్‌బుక్ చూసి చెప్పకండి. బ్రాంచిలో ఇప్పటి కోడు రాయించుకుని ఆ కాగితం ఫోటో తీసి పంపండి. కోడులో 11 అక్షరాలు ఉంటాయి, ఐదోది సున్నా. దాన్ని అక్షరం 'ఓ' అనుకుని కొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేరు కూడా బ్యాంకులో ఉన్నట్టే ఉండాలి. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట అసలు లేకుండా ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయంగా తీసేయొద్దు.

ఇక ప్రకటనను నమ్మొచ్చా లేదా అన్నది దాంట్లో ఏముందో చూసి చెప్పొచ్చు. నేనైతే ఇలా రాసి ఉన్నదాన్ని నమ్ముతాను: 'ఈరోజు ఉదయం 10 గంటల రేటు: 1 దినారు = 284.10 రూపాయలు. ఫీజు: 1.250 దినారు, ఎంత పంపినా ఇంతే. మీరు 120 దినార్లు ఇస్తే మీ ఇంటివారి ఖాతాలో 33,737 రూపాయలు పడతాయి. ఇండియాలో ఏ కోతా ఉండదు. అదే రోజు చేరుతుంది. ఖాతా వివరాలు తప్పై డబ్బు వెనక్కి వస్తే ఏ రేటుకు, ఎంత తగ్గించి తిరిగిస్తామో ఇది.' ఇందులో మూడో వాక్యం ఒక్కటుంటే మనం లెక్కలు వేసుకునే పనే లేదు. కౌంటర్‌లో ఏ భాషలో అడిగినా ఆ వాక్యాన్నే అడగమనండి, '120 ఇస్తే అక్కడ ఎన్ని రూపాయలు పడతాయి' అని. ఫీజెంత, రేటెంత అని విడివిడిగా అడిగితే విడివిడిగానే జవాబు వస్తుంది.

ఆఖరి వాక్యం మాత్రం ప్రకటనల్లో కనిపించదు. డబ్బు వెనక్కి వస్తే కొందరు పాత రేటుకే దినార్లు తిరిగిస్తారు. కొందరు ఆరోజు రూపాయలను మళ్ళీ దినార్లుగా కొన్నట్టు లెక్కగట్టి, ఫీజు కూడా ఇవ్వరు. అలా జరిగితే రేటు తేడా మీకు రెండు వైపులా తగులుతుంది. కొత్త కంపెనీలో మొదటిసారి వేసేటప్పుడు ఈ సంగతి నోటితో అడిగి ఊరుకోకుండా, స్లిప్పు వెనక రాసి ఉందేమో చూడమనండి. ఆ నెలకు చిన్న మొత్తం, ఓ 20 దినార్లు, ఫీజు లేని కంపెనీలోనే వేసి చూడొచ్చు. స్లిప్పులో ఉన్న రూపాయలు, మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లోని రూపాయలు ఒకటే అయితే మిగతా 100 పంపేయమనండి.